కొత్తగా ఉండాలి, పెళ్లికి వెళ్తున్నట్టు ఉండకూడదు

బళ్లో యూనిఫాం, ఇంటర్‌లో కూడా చాలా చోట్ల యూనిఫామే. పన్నెండేళ్లపాటు పొద్దున్నే ఏం వేసుకోవాలన్న ఆలోచనే లేకుండా పెరిగిన పిల్లలకు బీటెక్‌లోనో డిగ్రీలోనో సీటు రాగానే ఆ ప్రశ్న ఒక్కసారిగా నెత్తిన పడుతుంది. ఇంట్లో తలా ఒక మాట చెబుతారు. మొన్న బాబాయి పెళ్లికి కుట్టించిన డ్రెస్సు ఒక్కసారే వేసుకున్నావు, అది వేసుకో అంటుంది అమ్మ. శుభ్రంగా ఉంటే చాలు, ఏదో ఒకటి వేసుకోమని నాన్న తేల్చేస్తాడు. పిల్లలు మాత్రం ఫోన్‌లో ఎవరో పెట్టిన వీడియోలు చూసి, అవేవీ మన ఊరి షాపుల్లో దొరకవని దిగులు పడుతుంటారు.

ఈ గొడవంతా ఏం కొనాలన్న దాని చుట్టూ నడుస్తుంది. మొదటి రోజు క్లాసులోకి అడుగు పెట్టిన మనిషి నీటుగా ఉన్నట్టు కనిపించేది మాత్రం వేరే మూడు విషయాల వల్ల. బట్ట ఒంటికి సరిపోవాలి, ఒక్కసారైనా ఉతికి ఇస్త్రీ చేసి ఉండాలి, మెరిసేవీ వేలాడేవీ మోగేవీ అన్నీ ఒకేసారి ఒంటి మీద ఉండకూడదు. ఖరీదుకు ఇందులో చోటు చాలా తక్కువ. సరిగ్గా కుదిరిన పాత కుర్తీ ముందు, భుజాలు జారిపోయే కొత్త డిజైనర్ డ్రెస్సు వెలవెలపోతుంది.

బట్టల సంగతికి వెళ్లే ముందు ఆ రోజు కాలేజీలో ఏం జరుగుతుందో తెలుసుకుంటే సగం తేలిపోతుంది. మొదటి రోజు పాఠాలు పెద్దగా ఉండవు. ఇంజనీరింగ్ కాలేజీల్లో కొత్తగా చేరినవాళ్లకు ఇండక్షన్ ప్రోగ్రాం పెట్టాలని ఏఐసీటీఈ చెప్పింది కాబట్టి, ఆ రోజు ఎక్కువ భాగం ఆడిటోరియంలోనో సెమినార్ హాల్లోనో కూర్చోవడంతో గడుస్తుంది. కొన్ని చోట్ల తల్లిదండ్రుల్ని కూడా పిలుస్తారు. ప్రిన్సిపాల్ మాట్లాడతారు, డిపార్ట్‌మెంట్ల హెడ్‌లు మాట్లాడతారు. ఆ తర్వాత క్యాంపస్ అంతా తిప్పి చూపిస్తారు. సర్టిఫికెట్ల కోసం ఒక లైను, ఫీజు రసీదు కోసం ఇంకో లైను. చాలా కాలేజీల్లో అదే రోజునో ఆ వారంలోనో ఐడీ కార్డు ఫొటో తీస్తారు. అంటే గంటల తరబడి కూర్చోవాలి, కొంత నడవాలి, ఎండలోనో వానలోనో నిలబడాలి. ఏసీ హాల్లోంచి ఉక్కపోతలోకి, మళ్లీ ఏసీలోకి తిరగాలి. అద్దం ముందు నిలబడి చూసుకున్నప్పుడు బాగున్న బట్ట ఇవన్నీ తట్టుకుంటుందా అన్నదే అసలు పరీక్ష.

రెండోది, కాలేజీ రూలు. చాలా ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలకు డ్రెస్ కోడ్ ఉంటుంది. అమ్మాయిలకు చున్నీతో చుడీదార్, అబ్బాయిలకు కాలరున్న చొక్కా, ఇన్‌షర్ట్, బూట్లు అనే రకంగా. కొన్ని చోట్ల జీన్స్, టీషర్టు వద్దంటారు. కొన్ని చోట్ల వారానికి ఒక రోజు సడలిస్తారు. అడ్మిషన్ అప్పుడు ఇచ్చిన పుస్తకంలోనో వెబ్‌సైట్‌లోనో ఇది రాసి ఉంటుంది. లేకపోతే ఆఫీసుకు ఫోన్ చేసి అడగాలి. ఎవరో సీనియర్ వాట్సాప్ గ్రూపులో చేరి 'ఫస్టియర్ వాళ్లు తెల్ల చొక్కాతోనే రావాలి, తలకు నూనె రాసుకుని రావాలి' అని హుకుం జారీ చేస్తే దాన్ని కాలేజీ రూలనుకోకండి. మన రెండు రాష్ట్రాల్లోనూ ర్యాగింగ్‌ను నిషేధించే 1997 నాటి చట్టం అమల్లో ఉంది. అలాంటి మెసేజ్‌ను దాచిపెట్టి కాలేజీ వాళ్లకు చూపించడం మంచిది.

ఇక బట్ట విషయం. ఒక్క డ్రెస్సునే మొదటినుంచి చివరిదాకా చూద్దాం. మా అక్క కూతురికి ఈమధ్యే గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది. వాళ్లది తెనాలి. మంగళగిరి పక్కనే కాబట్టి నేత కాటన్ తీసుకుందామన్నాను. "అది అమ్మమ్మలు కట్టుకునేది కదా పిన్నీ!" అంది. చీరలు చూసి అలా అంది గానీ, కాలేజీకి మంగళగిరి కాటన్ చాలా బాగా పనికొస్తుంది. నేత ఒత్తుగా ఉంటుంది. ఒంటి భాగమంతా ఏ పువ్వులూ లేకుండా సాదాగా ఉంటుంది, డిజైనంతా అంచులోనే. గుడి గోపురాల వరసలాంటి నిజాం అంచు దానికి గుర్తు. ముదురు రంగు తీసుకుంటే చాలావరకు లైనింగ్ అక్కర్లేదు. ఉక్కపోతలో ఒంటికి అతుక్కోదు.

అంచు జరీదైతే వెడల్పు చూసుకోవాలి. నాలుగు వేళ్ల జరీ అంచు కుర్తీ కింద వస్తే అది పండగ డ్రెస్సు. వేలెడు వెడల్పున్న సన్నంచు, లేదా జరీ లేని దారపు అంచు కాలేజీకి సరిపోతుంది. మేం తీసుకున్నది నెమలికంఠం రంగు కుర్తీ బట్ట, రెండున్నర మీటర్లు. సన్న అంచు. ప్యాంటుకు లేత గోధుమరంగు సాదా కాటన్. చున్నీ విడిగా తీసుకున్నాం. సెట్లో వచ్చేదాని అంచు బరువుగా, చివర కుచ్చులతో ఉంది. ఆ కుచ్చులు కాలేజీ బస్సు సీటు బోల్టుల్లో, బ్యాగు జిప్పులో చిక్కుకోకుండా ఉండవు. బండి వెనక కూర్చునే పిల్లలైతే చున్నీ చక్రంలో పడకుండా చూసుకోవాలి. అది అందం సంగతి కాదు, ప్రాణం సంగతి.

బట్ట ఇంటికి తెచ్చాక నేరుగా టైలర్‌కు ఇవ్వకూడదు. చాలామంది పొరపాటు ఇక్కడే జరుగుతుంది. కొత్త కాటన్ మొదటి తడుపుకు పొడవులో సాధారణంగా నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుంచించుకుపోతుంది. లెక్క వేస్తే నలభై నాలుగు అంగుళాల కుర్తీ నూటికి నాలుగు తగ్గినా అంగుళం ముప్పావు పొట్టిదవుతుంది. మోకాలి కిందికి అనుకుని కుట్టించుకున్నది మోకాలి మీద ఆగుతుంది. చేతులు కూడా అంతే. అందుకే బట్టను రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు టైలర్‌కు ఇవ్వాలి. నానబెట్టేటప్పుడు కుర్తీ బట్టనూ లేత రంగు ప్యాంటు బట్టనూ ఒకే బకెట్లో వేయకండి. ముందు ఒక మూలను తడిపి తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దితే రంగు దిగుతుందో లేదో తెలిసిపోతుంది. ఉప్పు నీళ్లలో వేస్తే రంగు నిలబడుతుందని మన ఇళ్లలో అంటుంటారు. ఉప్పు అద్దకం వేసేటప్పుడు పనికొస్తుంది, వేసిన రంగును తర్వాత ఇంట్లో బిగించేది కాదు. వదిలే రంగు వదులుతుంది. ఆ బట్టను రెండు మూడుసార్లు విడిగా ఉతకడమే దారి.

టైలర్ సంగతి ఇంకొకటి ఉంది. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ పూర్తయి క్లాసులు మొదలయ్యేది మామూలుగా శ్రావణమాసం చుట్టుపక్కలే. అప్పుడు టైలర్లందరి దగ్గరా వరలక్ష్మీ వ్రతం జాకెట్లు, పెళ్లి జాకెట్లు గుట్టలుగా పడి ఉంటాయి. రెండు రోజుల్లో ఇస్తానన్న మాట పది రోజులకు పోతుంది. ఆదరాబాదరాగా కుట్టిన డ్రెస్సు సరిచేయించడానికి వ్యవధి మిగలదు. సీటు ఏ కాలేజీలో వచ్చినా డ్రెస్సు కావాల్సిందే కాబట్టి, కౌన్సెలింగ్ నడుస్తుండగానే బట్ట ఇచ్చేయవచ్చు. అంత వ్యవధి లేదంటే రెడీమేడ్ కొని ఆల్టరేషన్ చేయించుకోవడమే మేలు.

కొలతలు ఇచ్చేటప్పుడు టైలర్‌కు 'కొంచెం లూజుగా', 'కొంచెం టైట్‌గా' అని చెబితే అతనికి అర్థమయ్యేది ఒకటి, మన మనసులో ఉన్నది ఇంకొకటి. సాగని నేత బట్టకు ఛాతీ చుట్టుకొలత మీద రెండు మూడు అంగుళాలు ఎక్కువుంటే ఊపిరి ఆడుతుంది, గోనె తొడుక్కున్నట్టూ ఉండదు. భుజం కుట్టు భుజం ఎముక అంచున పడాలి. కింద జారితే ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టుంటుంది, లోపలికి వస్తే చంక దగ్గర పట్టేస్తుంది. చేతులు మోచేతి కిందికి ఉంటే ఏసీ హాల్లో చలి వేయదు, రాసేటప్పుడు బెంచీకి రాసుకోవు. సైడ్ కట్స్ ఎక్కడ మొదలవ్వాలో వేలు పెట్టి చూపించాలి. తుంటి ఎముక కంటే పైన మొదలైతే కూర్చున్నప్పుడు ఇబ్బంది. మెడ వెడల్పు కూడా చెప్పాలి. బ్యాగు పట్టీ వేసుకోగానే వెడల్పు మెడ ఒకవైపు జారుతుంది, రోజంతా సర్దుకోవడంతోనే సరిపోతుంది. ప్రక్క కుట్టులో లోపల అంగుళం మార్జిన్ వదలమనండి. హాస్టల్ తిండికి సన్నబడతారో లావెక్కుతారో ఎవరికీ తెలియదు. జేబు పెట్టమని కూడా అడగాలి. అడిగితే పెడతారు, అడగకపోతే పెట్టరు.

డ్రెస్సు చేతికి వచ్చాక అద్దం ముందు నిలబడి చూసుకోవడం చాలదు. మా పిల్లతో నేను మూడు పనులు చేయించాను. ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ముందుకు వంగి రాయమన్నాను. వీపు దగ్గర లాగితే, మెడ ముందు తెరుచుకుంటే అప్పుడే బయటపడుతుంది. తర్వాత బస్సులో పై కడ్డీ పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తమన్నాను. చెయ్యితోపాటు కుర్తీ మొత్తం పైకి లేస్తే చంక కోత సరిగా లేదని అర్థం. మూడోది, డాబా మీద ఎండకు అడ్డంగా నిలబెట్టి చూడటం. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద ఒత్తుగా కనిపించిన బట్ట పొద్దుటి ఏటవాలు ఎండలో పల్చన తేలుతుంది. కుర్తీ నిలబడింది గానీ లేత గోధుమరంగు ప్యాంటు తేలింది. దానికి లైనింగ్ వేయించాం. ఇది కాలేజీకి వెళ్లాక తెలిసి ఉంటే ఆ రోజంతా ఆ పిల్ల గోడకు ఆనుకునే నిలబడేది.

రెడీమేడ్ కుర్తీల్లో ఎక్కువగా దొరికేది రేయాన్. హ్యాంగర్ మీద జారుగా, అందంగా వేలాడుతుంది. కానీ గంట కూర్చుంటే వెనక భాగమంతా నలుగుతుంది. వానలో తడిస్తే ఒంటికి అతుక్కుంటుంది. మొదటి ఉతుకులో కాటన్ కంటే ఎక్కువ కుంచించుకుపోయే రకాలూ ఉన్నాయి. కొంటే ఒక సైజు పెద్దది తీసుకుని, ఉతికి, ఆ తర్వాతే ప్రక్కలు కుట్టించుకోవాలి. గుప్పిట్లో అర నిమిషం నలిపి వదిలి చూస్తే ఏ బట్ట సాయంత్రం దాకా నిలుస్తుందో షాపులోనే తెలుస్తుంది.

ఇక నగలు, హంగులు. ఎక్కువైపోయిందని చూసేవాళ్లకు అనిపించడానికి ఏదో ఒక్క వస్తువు కారణం కాదు. విడివిడిగా చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. జరీ అంచు బాగుంది, బుట్టలు బాగున్నాయి, రాళ్ల చెప్పులు బాగున్నాయి, మెరిసే బ్యాగూ బాగుంది. అన్నీ ఒకే మనిషి మీదికి చేరితే పేరంటానికి వెళ్తూ దారి తప్పి కాలేజీకి వచ్చినట్టుంటుంది. నేను పాటించే లెక్క చిన్నది. తల నుంచి కాళ్ల దాకా చూస్తే కన్ను ఆగే చోటు ఒక్కటే ఉండాలి. నెమలికంఠం రంగు కుర్తీకి ఆ సన్నంచే ఆ చోటు. కాబట్టి చెవులకు రోజూ పెట్టుకునే చిన్న దిద్దులు, చేతికి వాచీ, బొట్టు ఎప్పుడూ పెట్టుకునేదే. గజ్జెలున్న పట్టీలు తీసేయమన్నాను, నిశ్శబ్దంగా ఉన్న హాల్లో ఆలస్యంగా నడిచొస్తే మోగేవి అవే. బుట్టలంటే ఇష్టమున్న పిల్లలు సాదా కుర్తీ వేసుకుని బుట్టలే పెట్టుకోవచ్చు, అదీ బాగుంటుంది. తల విషయంలో ఆ రోజు కొత్త ప్రయోగాలు వద్దు. జుట్టు కత్తిరించుకోవాలంటే వారం పది రోజుల ముందే. సెంటు ఒక్కసారి కొట్టుకుంటే చాలు. ఏసీ హాల్లో పక్క సీటు వాళ్లకు తలనొప్పి తెప్పించే పరిచయం అక్కర్లేదు.

అక్క మాత్రం ఒప్పుకోలేదు. "మొదటి రోజే, కాస్త కళగా ఉండొద్దూ?" అంది. కళ సంగతి నిజమే. కొత్త బట్ట కట్టుకుంటే పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టి కట్టుకునే ఇళ్లు మనవి. కొత్త మొదలుకు కొత్త బట్ట అన్న ముచ్చట నాకూ ఉంది. పసుపు లోపలి మడతకు రాస్తే ముచ్చటా తీరుతుంది, మరకా కనిపించదు. అయితే ఆ డ్రెస్సు మొదటిసారి ఒంటి మీదికి వచ్చేది కాలేజీ రోజునే కాకుండా చూసుకోవాలి. ముందు వారంలో గుడికో, చుట్టాల ఇంటికో సగం రోజు వేసుకుని వెళ్తే ఎక్కడ గుచ్చుతుందో, ఏ హుక్కు ఊడుతుందో బయటపడుతుంది. మెడ వెనక లేబుల్ గుచ్చేదైతే కుట్టు విప్పి తీయాలి, కత్తిరిస్తే మిగిలిన ముక్క ఇంకా ఎక్కువ గుచ్చుతుంది.

అబ్బాయిలకు పని తేలికని అనుకుంటారు గానీ మొదటి రోజు నవ్వులపాలయ్యేది ఎక్కువగా వాళ్లే. డబ్బాలోంచి తీసిన కొత్త చొక్కాను అలాగే తొడుక్కొస్తారు. అట్టముక్క చుట్టూ మడిచిన గీతలు ఛాతీ మీద నిలువునా అడ్డంగా గళ్లు గీసినట్టు కనిపిస్తాయి. పైపైన ఇస్త్రీ చేస్తే పోవు, ఉతికితే పోతాయి. కాలర్ గుండీ పెట్టుకుంటే మెడకూ కాలర్‌కూ మధ్య రెండు వేళ్లు దూరాలి. ఒక వేలే దూరితే ఊపిరాడదు, నాలుగు దూరితే అన్నయ్య చొక్కా అంటారు. నిండు చేతుల చొక్కాకు కఫ్ మణికట్టు ఎముక దగ్గర ఆగాలి.

ఇన్‌షర్ట్ తప్పనిసరైన కాలేజీకి చొక్కా కొనేటప్పుడు కింద అంచు చూడాలి. ఇన్‌షర్ట్ కోసం కుట్టిన చొక్కా ముందూ వెనకా పొడవుగా, ప్రక్కల పైకి వంపు తిరిగి ఉంటుంది. అంచు నేరుగా, పొట్టిగా ఉన్నది బయటికి వదిలేసుకోవడానికి కుట్టింది. దాన్ని ప్యాంటులోకి దోపితే రెండుసార్లు చెయ్యెత్తేసరికి బయటికొస్తుంది. తెల్ల చొక్కా లోపల తెల్ల బనియను మరీ స్పష్టంగా కనిపిస్తుంది, ఒంటి రంగుకు దగ్గరగా ఉండే లేత రంగు బనియను కనిపించదు. లేత నీలం, లేత బూడిద రంగులు ఎక్కడైనా పెట్టినింటివే గానీ చంకల్లో చెమట మరక వాటి మీద కనిపించినంతగా ఇంకే రంగు మీదా కనిపించదు. విశాఖ, విజయవాడ ఉక్కపోతలో తెలుపో, ముదురు నీలమో, సన్న గళ్లో మేలు. శాటిన్‌లా తళతళలాడే చొక్కాలు నావరకు ఏ వయసుకూ నప్పవు. ఈ మాటకు కోప్పడేవాళ్లు ఉంటారని తెలుసు.

ప్యాంటు పొడవు బూటు వేసుకుని కొలిపించుకోవాలి. బూటు మీద ముందువైపు ఒక్క చిన్న మడత పడేంత పొడవు చాలు. కుచ్చులుగా పోగుపడితే నేల రాసుకుని వెనక అంచు చిరుగుతుంది. పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లలు ఇంకా పొడవు పెరుగుతారు కాబట్టి కింద మడత లోపల అంగుళంన్నర బట్ట కత్తిరించకుండా ఉంచమని చెప్పాలి. బెల్టు, బూట్లు ఒకే రంగులో ఉంటే చాలు. టై, బ్లేజరు కాలేజీ అడగకపోతే వద్దు.

కాళ్ల సంగతి అమ్మాయిలకైనా అబ్బాయిలకైనా ఒకటే. ఆ రోజు ఎక్కువ కష్టపెట్టేది కొత్త చెప్పులు, కొత్త బూట్లే. ముందు వారం రోజులు ఇంట్లో రోజూ గంటసేపు మేజోళ్లతో సహా వేసుకుని తిరగాలి. సాయంత్రం పూట కాళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి కొనడానికి కూడా సాయంత్రమే వెళ్లాలి. వానాకాలంలో రబ్బరు చెప్పులు వేసుకుని వేగంగా నడిస్తే మడమ కొట్టే ప్రతి దెబ్బకూ బురద ఎగిరి పిక్కల వెనక చుక్కలుగా పడుతుంది. ముందు నుంచి చూసుకునే మనిషికి అది తెలియదు, వెనక బెంచీ వాళ్లకు తెలుస్తుంది. వెనక పట్టీ ఉన్న చెప్పులైతే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. నేలను తాకే పలాజోలు వానరోజు వద్దు, అంచు తడి పీల్చుకుని మోకాళ్ల దాకా పాకుతుంది.

ముందు రోజు రాత్రి చేయాల్సింది ఇస్త్రీ. పెట్టె మీద ఉండే చుక్కలకు అర్థం ఉంది. ఒక చుక్క అంటే సుమారు 110 డిగ్రీలు, రెండు అంటే 150, మూడు అంటే 200. డ్రెస్సు లోపలి లేబుల్ మీద కూడా అవే చుక్కలు ఉంటాయి. కాటన్‌ను మూడు చుక్కల మీద, నీళ్లు చల్లి, చెమ్మ ఉండగానే చేయాలి. ఎండిపోయాక ఎంత రుద్దినా ముడతలు కదలవు. రేయాన్‌ను తిరగేసి రెండు చుక్కల మీద చేయాలి, పై వైపు చేస్తే నిగనిగలాడే మచ్చలు పడతాయి. జరీ అంచు మీద నేరుగా పెట్టె పెట్టకుండా పల్చని గుడ్డ పరిచి చేయాలి. నేత కాటన్‌కు గంజి పెట్టొచ్చు గానీ చాలా పల్చగా. అన్నం వార్చిన గంజి గరిటెడు తీసుకుని, వడకట్టి, అర బకెట్ నీళ్లలో కలిపితే సరిపోతుంది. చిక్కగా పెడితే కూర్చుని లేచేసరికి తొడల మీద కత్తిరించినట్టు మడతలు పడి అలాగే నిలిచిపోతాయి. గంజి పెట్టిన ముదురు రంగు బట్ట మీద తెల్ల మరకలు తేలాయంటే గంజి వడకట్టలేదని అర్థం. ఇస్త్రీ బండికి ఇచ్చేవాళ్లు సాయంత్రమే ఇచ్చి రాత్రికి తెచ్చుకుని హ్యాంగర్‌కు వేలాడదీయండి, మడిచి బీరువాలో పెట్టొద్దు.

ఐడీ కార్డు ఫొటో గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఆ కార్డు నాలుగేళ్లు మెడలో ఉంటుంది, బస్సులో, లైబ్రరీలో, పరీక్ష హాల్లో చూపించాలి. ఫొటో వెనక తెర మామూలుగా తెల్లదో లేత నీలమో పెడతారు. తెల్ల చొక్కా ఆ తెరలో కలిసిపోయి మెడ మీద తల ఒక్కటే తేలినట్టు వస్తుంది. కాస్త ముదురు రంగు, మెడ దగ్గర స్పష్టమైన గీత ఉన్న బట్ట బాగా వస్తుంది. మెడ చుట్టూ జరీ, అద్దాలు, చెమ్కీలు ఉంటే ఫ్లాష్ వెలుగు తిప్పికొడతాయి. బ్యాగులో ఒక దువ్వెన, చేతిరుమాలు, రెండు పిన్నీసులు, ఒక చిన్న గొడుగు పెట్టుకుంటే చాలు. మా పిల్ల ఫొటో చూశాను. నెమలికంఠం రంగు బాగానే వచ్చింది గానీ చున్నీకి పెట్టిన పిన్నీసు మెరిసి భుజం మీద నక్షత్రంలా పడింది. పిన్నీసు బట్ట లోపలి నుంచి పెట్టుకోవాలని వాళ్లమ్మకు అప్పుడు గుర్తొచ్చింది.

ఒక్క విషయం ముందే అనుకుని ఉంచుకోండి. కాలేజీ బట్టలకని ఇంట్లో పక్కన పెట్టిన డబ్బంతా మొదటి రోజుకు ముందే ఖర్చు చేయొద్దు. కుర్తీలైనా చొక్కాలైనా మూడు, వాటన్నిటికీ కలిసే ప్యాంట్లు రెండు ఉంటే మొదటి వారం గడిచిపోతుంది. నలుపు, ముదురు నీలం, లేత గోధుమరంగుల్లో ఏ రెండున్నా పైన ఏ రంగైనా కలుస్తుంది. ఆ వారంలో రూలు కాగితం మీద ఎంత ఉందో, గేటు దగ్గర ఎంత ఉందో తెలుస్తుంది. ఏసీ ఏ గదిలో ఎంత చల్లగా ఉంటుందో, బస్సులో సీటు దొరుకుతుందో లేదో, క్లాసులో మిగతావాళ్లు రోజూ ఏం వేసుకొస్తున్నారో తెలుస్తుంది. ఇంజనీరింగ్ పిల్లలైతే కెమిస్ట్రీ ల్యాబుకు ఏప్రాన్, వర్క్‌షాప్‌కు కాలేజీ చెప్పిన రంగు యూనిఫాం, ముందు మూసి ఉన్న బూట్లు కొనాల్సి వస్తుంది. తిరిగే మెషిన్ల దగ్గర వేలాడే చున్నీని రానివ్వరు, దాన్ని ఏప్రాన్ లోపలికి దోపడమో తీసి పక్కన పెట్టడమో చేయాలి. ఈ ఖర్చులన్నీ రెండో వారంలో వచ్చేవే.